నెత్తురు కనబడని నెలలు

నోటి దురుసు ఉన్నవాళ్ళు నర్సులు కాకూడదని మా అత్తగారు అనేది. ఆ దురుసుతోనే ఇరవై రెండేళ్ళుగా ఆడవాళ్ళ వార్డును నడుపుతున్నానని నేననేదాన్ని. ఇద్దరి మాటా నిజమే. ఆమె మాట ఎంత నిజమో తెలియడానికే నాకు ఇన్నేళ్ళు పట్టింది.

నెలసరిలో నెత్తురు విపరీతంగా పోయేవాళ్ళకు మా ఆసుపత్రిలో అబ్లేషన్ చేస్తారు. గర్భసంచిలోకి చిన్న బెలూన్ పంపి, దాన్ని వేడినీటితో నింపి, లోపలి పొరను కాల్చేస్తారు. కోతా లేదు, కుట్టూ లేదు. కాల్చడానికి పట్టేది పది నిమిషాలు, సాయంత్రానికి ఇంటికి వెళ్ళిపోవచ్చు. పిల్లలు ఇక వద్దనుకున్నవాళ్ళకే చేస్తారు. ఆ తర్వాత కొందరికి నెలసరి తగ్గుతుంది, కొందరికి పూర్తిగా ఆగిపోతుంది. చేయించుకునేవాళ్ళకు ముందు నచ్చజెప్పడం, కాగితాలు చదివి వినిపించి సంతకాలు తీసుకోవడం, ఏడాది తిరిగాక ఫోన్ చేసి ఎలా ఉన్నారో అడిగి రాసుకోవడం, ఇవన్నీ నా పనులు.

నచ్చజెప్పడంలో నన్ను మించినవాళ్ళు లేరు. ఎందుకంటే నేనే చేయించుకున్నాను. నలభై నాలుగో ఏట నాకు నెలకు పదిరోజులు నరకంగా ఉండేది. డ్యూటీలో తెల్లచీర మీద మరక పడిందేమోనని గోడకు వీపు ఆనించి నిలబడ్డ రోజులు ఎన్నో. అబ్లేషన్ తర్వాత మూడు వారాలు నీళ్ళలా ఏదో పోయింది, అంతే. మళ్ళీ చుక్క కనబడలేదు. పుట్టినప్పటి నుంచి మోస్తున్న మూటను ఎవరో దించినట్టనిపించింది. ఇక అప్పటినుంచి నా నోటికి హద్దు లేకుండా పోయింది. వచ్చిన ప్రతి మనిషికీ నా కథే చెప్పేదాన్ని. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నట్టు, నాకు బాగుంది కాబట్టి అందరికీ బాగుండాలి.

మా తోడికోడలిని కూడా నేనే తీసుకెళ్ళాను.

ఆమె స్కూలు యూనిఫాంలు కుట్టే ఫ్యాక్టరీలో కటింగ్ మాస్టర్. ఆ బల్ల దగ్గరకు వెళ్ళిన మొదటి ఆడమనిషి. ఎనభై పొరల గుడ్డను ఒకదాని మీద ఒకటి పరిచి, కరెంటు కత్తితో ఒక్క ఊపులో కాలర్ వంపు తిప్పేది. పై పొరకూ కింది పొరకూ వెంట్రుక తేడా ఉండేది కాదు. అక్కడ అందరూ ఆమెను కత్తెరమ్మ అనేవాళ్ళు. ఇంట్లో మేమూ అదే పిలుపు పట్టుకున్నాం. మనిషి మాత్రం ఆ పేరుకు పూర్తిగా వ్యతిరేకం, నెమ్మదస్తురాలు. పది మాటలు అనాల్సిన చోట రెండు అని ఊరుకుంటుంది. మిగతా ఎనిమిదీ ఆమె కూతురు మాట్లాడుతుంది. అందుకే ఆ పిల్లను చిలక అంటాం.

కత్తెరమ్మకు ముప్పై తొమ్మిదో ఏట నెత్తురు నాకంటే ఘోరంగా పోయేది. రక్తం ఎనిమిది గ్రాములకు పడిపోయింది. ఒక మధ్యాహ్నం కత్తి ఆపి బల్ల పట్టుకుని నిలబడిపోయిందట.

"ఎందుకే ఈ బాధ? పది నిమిషాల పని. నన్ను చూడు, గుర్రంలా ఉన్నాను" అన్నాను.

"నువ్వు ఎప్పుడూ గుర్రంలాగే ఉన్నావక్కా" అంది. మా మరిది పకపకా నవ్వాడు.

పరీక్షలన్నీ చేశారు. లోపలి పొర ముక్క తీసి పంపితే చెడ్డదేమీ లేదని వచ్చింది. ఆపరేషన్ రోజు పొద్దున సంతకాల కాగితం పట్టుకుని నేనే ఆమె మంచం పక్కన కూర్చున్నాను. మూడు పేజీలు. రెండో పేజీలో ఒక వాక్యం ఉంటుంది: పిల్లలు పుట్టకుండా గొట్టాలు కట్టించుకున్నవారిలో కొందరికి, ఈ చికిత్స తర్వాత నెలసరి కనబడకపోయినా, నెలనెలా పొత్తికడుపులో నొప్పి రావచ్చు.

కత్తెరమ్మ రెండో కాన్పు తర్వాత గొట్టాలు కట్టించుకుంది. ఆ సంగతి నాకు తెలియనిది కాదు, అప్పుడు ఆమెకు గంజి కాచి పోసింది నేనే. మా ఇంట్లో మాత్రం ఆ ఆపరేషన్ చేయించుకున్నది మా ఆయన. "మగాడికి కోత పెట్టించిన మహాతల్లి" అని మా అత్తగారు పదేళ్ళపాటు చుట్టాలందరికీ నన్ను అలాగే పరిచయం చేసింది. కాబట్టి ఆ రెండో పేజీ వాక్యం నాకు వర్తించేది కాదు. నాకు వర్తించనిది ఎవరికీ వర్తించదని ఎలా అనుకున్నానో ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

"ఇదంతా ఏం రాశారక్కా?" అని అడిగింది.

"రాస్తారులే, కాగితం నింపాలిగా. ఇక్కడ సంతకం పెట్టు" అన్నాను.

పెట్టింది.

నెలసరి ఆగిపోయింది. నాలుగు నెలలకు మొహంలో రంగు వచ్చింది, బల్ల దగ్గర రెండు షిఫ్టులు చేసినా అలసట లేదంది. మా ఇంటికి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, "పుణ్యం కట్టుకున్నావక్కా" అంది. ఆ ఒక్క మాటతో నేను నెలరోజులు నేల మీద నడవలేదు.

ఎనిమిదో నెల దాటాక మొదలైంది. కుడివైపు, పొత్తికడుపు మూలన నొప్పి. వస్తే రెండు మూడు రోజులు ఉండేది. కాలు చాపితే నడుములోకి, తొడలోకి లాగేది. తర్వాత దానంతట అదే పోయేది.

"నెలసరి లేదు కానీ నెలసరి నొప్పిలా ఉందక్కా. కాకపోతే అప్పటికంటే ఎక్కువ" అంది.

నేను నవ్వాను. "నిప్పు లేనిదే పొగ రాదంటారు. నీకు నిప్పే ఆర్పేశాం, పొగ ఎక్కడిదే? అది గ్యాస్. ఫ్యాక్టరీలో నిలబడి నిలబడి వేళకు తినవు."

ఆమె రెండు మాటలు అని ఊరుకునే మనిషి కదా. ఊరుకుంది.

అబ్లేషన్ చేసినంత మాత్రాన అండాశయాలు పని మానెయ్యవు. అవి వాటి లెక్క ప్రకారం నెలనెలా తిరుగుతూనే ఉంటాయి. ఇది నాకు తెలియదా? నర్సింగ్ పిల్లలకు బోర్డు మీద బొమ్మ గీసి చెప్పేది నేనే. కానీ బోర్డు మీద తెలిసింది వంటింట్లో గుర్తు రాదు. ముఖ్యంగా గుర్తు వస్తే మన మాట తప్పయ్యేటప్పుడు.

ఏడాది తిరిగింది. జాబితాలో ఆమె పేరు వచ్చింది. ఇంటి మనిషే అయినా పద్ధతి పద్ధతే కాబట్టి వార్డు నుంచే ఫోన్ చేశాను.

"రక్తస్రావం ఆగిందా?"

"ఆగిందక్కా. కానీ ఆ నొప్పి..."

"అది ఈ కాగితంలో లేదే. చికిత్సతో తృప్తిగా ఉన్నారా?"

ఫోన్‌లో కత్తి మోత వినబడుతోంది. కాసేపటికి "నువ్వు ఏం రాస్తే అదే" అంది.

తృప్తి అని రాశాను. ఆ ఏడాది నా జాబితాలో నలభై ఒక్కమంది. నలభై ఒక్కమందికీ తృప్తే. ఆ కాగితాన్ని పెద్ద డాక్టరమ్మ సమావేశంలో చదివి నా పేరు చెప్పింది. ఆ నలభై ఒక్కమందిలో ఇంకెంతమంది "కానీ" దగ్గర ఆగిపోయారో నాకు తెలియదు. నేను ఆగనివ్వలేదు, దాటించేశాను.

నొప్పి పోలేదు. ఏప్రిల్లో ఆమె నోరు తెరిచి, "ఒక్కసారి స్కాన్ తీయించక్కా" అని అడిగింది. అడిగింది కాబట్టి తీయించాను. మా ఆసుపత్రిలో సిబ్బంది ఇంటివాళ్ళకు స్కాన్ సోమవారం మధ్యాహ్నం. ఆ పూట రద్దీ ఉండదు, వరసలో నిలబడక్కర్లేదు. ఎంత మంచి ఏర్పాటో అని అందరం మురుస్తాం. సోమవారం వచ్చింది. నొప్పి లేదు. స్కాన్‌లో ఏమీ లేదు. జూన్‌లో మళ్ళీ అడిగింది, మళ్ళీ సోమవారం, మళ్ళీ ఏమీ లేదు.

"చూశావా? లోపల అద్దంలా ఉంది" అన్నాను.

"మరి నొప్పి ఎందుకు?"

"మనసులో పెట్టుకుంటే అన్నీ నొప్పులే."

ఆ మాట అన్నప్పుడు చిలక అక్కడే ఉంది. పన్నెండేళ్ళ పిల్ల. "అమ్మ రాత్రంతా దిండు కొరుకుతుంది పెద్దమ్మా, మనసులో ఉంటే దిండెందుకు కొరుకుతుంది?" అంది. కత్తెరమ్మ దాని నోరు మూయించింది. పెద్దవాళ్ళ మాటల మధ్య దూరకూడదని నేనూ కసిరాను.

జులై మొదట్లో ఫ్యాక్టరీ నుంచి ఉత్తరం వచ్చింది. నడుస్తున్న కత్తి దగ్గర ఆమె రెండుసార్లు ఒరిగిపోయిందట, ఒకసారి ఎనభై పొరలూ పాడయ్యాయట. ఊరికే సెలవులు పెడుతోంది, జబ్బు ఏమిటో ఆసుపత్రి రాసిస్తే విశ్రాంతి ఇచ్చి మళ్ళీ బల్ల దగ్గరకు తీసుకుంటాం, జబ్బు లేకపోతే బల్ల ఇంకొకరికి ఇస్తాం అని మేనేజరు రాశాడు. ఆమె రాని రోజులన్నీ కింద వరసగా తారీఖులు వేశాడు. కత్తెరమ్మ ఆ ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి నా చేతికిచ్చింది.

"పదకొండేళ్ళక్కా, ఆ బల్ల కోసం. నాకు ఏదో ఉందని రాయించు. ఉన్నదే రాయించమంటున్నాను" అంది. ఆమె నన్ను బతిమాలడం అదే మొదటిసారి.

పెద్ద డాక్టరమ్మ ఫైలు తిరగేసింది. రెండు స్కాన్లూ బాగున్నాయి, నెలసరి లేదు, ఫోన్ కాగితంలో తృప్తి అని ఉంది. అవతల ఆపరేషన్ థియేటర్ పిలుస్తోంది. అద్దాలు పైకి నెట్టి నన్ను చూసింది.

"మీ ఇంటి మనిషే కదా. ఇంట్లో ఎలా ఉంటుంది?"

నాకు నోరుంది. ఆ నోటితో ఏమైనా అనగలిగేదాన్ని. దిండు కొరుకుతుందట అని చెప్పి ఉంటే చాలు. కానీ అలా చెబితే నలభై ఒకటి కాస్తా నలభై అవుతుంది. "కాస్త సున్నితం మేడమ్. చిన్నదాన్ని పెద్దది చేసుకుంటుంది" అన్నాను.

నొప్పికి శారీరక కారణం కనబడలేదని డాక్టరమ్మ రాసి సంతకం పెట్టింది. ముద్ర నేను వేశాను.

వారం తిరగకుండా కత్తెరమ్మను ప్యాకింగ్‌లోకి మార్చారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా చొక్కాలు మడిచి సంచుల్లో పెట్టడం. ఎవరో ఇరవై మూడేళ్ళ కుర్రవాడు బల్ల దగ్గర నిలబడ్డాడు. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. మా ఇంటికి రావడం మాత్రం మానేసింది. అడిగితే "పని అక్కా" అనేది.

ఆగస్టు ఆఖరున ఒక పొద్దున ఒకావిడ మెలికలు తిరుగుతూ మా దగ్గరకు వచ్చింది. వేరే ఊళ్ళో అబ్లేషన్ చేయించుకుందట. నెలసరి లేదు, ఎడమవైపు నొప్పి. పెద్ద డాక్టరమ్మ సెలవులో ఉంది. స్కాన్ గదిలో కొత్తగా చేరిన డాక్టరు, మాటకు ముందు మనిషి మొహం చూసే రకం. వరసా గిరసా లేకుండా అప్పటికప్పుడే పడుకోబెట్టి చూశాడు. నేను పక్కన చెయ్యి పట్టుకుని నిలబడ్డాను.

"గొట్టాలు కట్టించుకున్నారా అమ్మా?" అని అడిగాడు. ఆవిడ తల ఊపింది.

తెర మీద గర్భసంచి పై మూలన చిన్న నల్లటి మచ్చ, దాన్ని ఆనుకుని ఉబ్బిన గొట్టం. ఆయన వేలితో చూపించాడు. "చూశారా సిస్టర్? వేడి ఆ మూలకు సరిగా అందలేదు. అక్కడ కాస్త పొర బతికిపోయింది. అండాశయం పని చేస్తోంది కాబట్టి ఆ కాస్త పొరకూ నెలనెలా నెత్తురు వస్తుంది. కిందికి పోదామంటే కాలిన చోట గర్భసంచి గోడలు అతుక్కుపోయాయి. పైన గొట్టంలోకి పోదామంటే అక్కడ కట్టేశారు. ఇటూ దారి లేదు, అటూ దారి లేదు. నొప్పి రాక ఏం చేస్తుంది? వారం ఆగి చూస్తే ఆ నెత్తురు ఇంకిపోతుంది, మనకేమీ కనబడదు. ఇలాంటివాళ్ళకి నొప్పి ఉన్న రోజే తీయాలి. ఆ రోజు కూడా ఒక్కోసారి దొరకదు."

నా చేతిలో ఆవిడ చెయ్యి ఉంది.

డ్యూటీ అయ్యాక రికార్డుల గదికి వెళ్ళి కత్తెరమ్మ ఫైలు తీశాను. ఫ్యాక్టరీ ఉత్తరం అందులోనే ఉంది. ఆమె రాని రోజులు: ఫిబ్రవరి 3, 4. మార్చి 3, 4. మార్చి 31. ఏప్రిల్ 29, 30. మే 27. జూన్ 23, 24.

వచ్చిన ప్రతి ఆడమనిషినీ నేను మొదట అడిగేది ఒకటే ప్రశ్న, ఆఖరి నెలసరి ఎప్పుడని. తారీఖు చెప్పగానే వేళ్ళు మడవకుండా లెక్క కట్టేస్తాను. ఇరవై రెండేళ్ళుగా చేస్తున్న పని అది. ఆ ఉత్తరాన్ని నేనూ చదివాను, డాక్టరమ్మా చదివింది. ఇద్దరం దాన్ని నేరాల పట్టీలా చదివాం. అది నెలసరి క్యాలెండరు. ఇరవై ఎనిమిది రోజులు, ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది, ఇరవై ఎనిమిది, ఇరవై ఏడు. నెత్తురు లేదు కాబట్టి లెక్కపెట్టాలని ఎవరికీ తోచలేదు. మేనేజరు పాపం కోపంతోనే అయినా ఒక్క తారీఖూ వదలకుండా రాశాడు. ప్రతిసారీ మొదలైంది మంగళవారమో బుధవారమో. నేనిప్పించిన స్కాన్లన్నీ సోమవారాలు. నాలుగు వారాలకు ఒకసారి వచ్చే నొప్పి మంగళవారం మొదలైతే సోమవారానికి ఎప్పటికీ దొరకదు.

ఆ గదిలో కూర్చుని ఏడ్చాను. నాకు ఏడుపు త్వరగా రాదు. వచ్చాక త్వరగా పోలేదు.

ఆ సాయంత్రమే వాళ్ళింటికి వెళ్ళాను. ఆమె ఉతికిన బట్టలు మడత పెడుతోంది. ఫ్యాక్టరీలోనూ మడతలే, ఇంట్లోనూ మడతలే.

"జులై ఇరవై ఒకటిన నీకు నొప్పి వచ్చిందా? ఆగస్టు పద్దెనిమిదిన?" అని అడిగాను.

చేతిలో చొక్కా ఆగిపోయింది. "నీకెవరు చెప్పారు? నేను ఆయనకి కూడా చెప్పలేదు."

"ఎవరూ చెప్పలేదు. లెక్కపెట్టాను. సెప్టెంబరు పదిహేను మంగళవారం మళ్ళీ వస్తుంది. ఆ రోజు స్కాన్ తీయించాలి."

"మళ్ళీ వచ్చి మళ్ళీ దొంగనొప్పి అనిపించుకోమంటావా?"

అప్పుడు చెప్పాను. రెండో పేజీ నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాను. చదవకుండా సంతకం పెట్టించిన సంగతి, ఫోన్ కాగితం, సోమవారాలు. డాక్టరమ్మ అడిగినప్పుడు నేనన్న మాట కూడా. అది దాచుకోవచ్చు, ఆ గదిలో డాక్టరమ్మా నేనూ తప్ప ఎవరూ లేరు కాబట్టి ఎవరికీ తెలిసేది కాదు. కానీ అది దాచి మిగతాది చెబితే ఏం చెప్పినట్టు?

ఆమె చేతిలోని చొక్కా మడత పూర్తి చేసి పక్కన పెట్టింది. "సున్నితం అన్నావా?" అని అడిగింది.

"అన్నాను."

"ఎనభై పొరలు కోసేదాన్ని" అంది. తిట్టి ఉంటే బాగుండేది. కాళ్ళు పట్టుకుందామని వంగితే, "లే అక్కా, పిల్ల వస్తుంది" అంది.

నొప్పి పదిహేనో తారీఖు తెల్లవారకముందే మొదలైంది. ఆటోలో నా ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంది. నన్ను పట్టుకోలేదు, సీటు అంచు పట్టుకుంది. కొత్త డాక్టరు స్కాన్ యంత్రం ఇలా పెట్టగానే కుడి మూలన నల్లటి మచ్చ కనబడింది. గొట్టం చిటికెన వేలంత ఉబ్బి ఉంది. కత్తెరమ్మ తల తిప్పి తెర చూసింది.

"ఉందా?" అని అడిగింది.

"ఉందమ్మా" అన్నాడాయన.

ఆమె కళ్ళలోంచి నీళ్ళు కారిపోయాయి. లోపల రోగం ఉందని చెబితే సంతోషంతో ఏడ్చిన మనిషిని నేనదే మొదటిసారి చూడటం. ఆమెను ఆ స్థితికి తెచ్చింది నేను.

పెద్ద డాక్టరమ్మ సెలవు నుంచి వచ్చాక ఫైలు చూసి, తాను సంతకం పెట్టిన కాగితాన్ని తీసి పక్కన పెట్టింది. "మందులతో కొంతకాలం అణచవచ్చు, కానీ ఆపితే మళ్ళీ వస్తుంది" అని విప్పి చెప్పి, ఏం చేయాలో కత్తెరమ్మనే తేల్చుకోమంది. తీసేయమంది ఆమె. అక్టోబరులో గర్భసంచినీ రెండు గొట్టాలనూ తీసేశారు, అండాశయాలు ఉంచారు. ఈసారి కాగితాల్లో ప్రతి అక్షరం చదివించుకుంది. చదివి వినిపించడానికి నేను కుర్చీ లాక్కోబోతే, "ఇంకో సిస్టర్ని పంపక్కా" అంది. గొంతులో కోపం లేదు. పంపాను.

ఆ తర్వాత నొప్పి రాలేదు. నవంబరు పోయింది, డిసెంబరు పోయింది. డాక్టరమ్మ కొత్త ఉత్తరం రాసింది, పాతది పొరపాటని ఒప్పుకుంటూ. దాన్ని పట్టుకుని ఫ్యాక్టరీకి నేనే వెళ్ళాను. మేనేజరు మర్యాదగానే చదివాడు. "అప్పుడే ఇలా రాసి ఉంటే ఆవిడ కోసం బల్ల ఆపేవాణ్ణి మేడమ్. ఇప్పుడా అబ్బాయి చేత ఖాళీ చేయించలేను కదా" అన్నాడు. అద్దం వెనక నుంచి ప్యాకింగ్ హాలు కనబడుతోంది. కత్తెరమ్మ తల వంచుకుని చొక్కాలు మడుస్తోంది. కాలర్ వంపు సరిగ్గా లేని చొక్కా వస్తే ఒక్క క్షణం వేలితో తడిమి చూసి, పక్కన పెట్టి, ఇంకోటి అందుకుంటోంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నా ఆ ఆకులు నా చేతులకే. కాలినవి ఆమె చేతులు.

వార్డులో ఫోన్ కాగితం మార్పించాను. నెలనెలా నొప్పి ఉందా, ఉంటే ఏ తారీఖుల్లో, గొట్టాలు కట్టించుకున్నారా అని మూడు వరసలు చేర్పించాను. పాత నలభై ఒక్కమందికీ మళ్ళీ ఫోన్ చేశాను. కత్తెరమ్మ కాక ఇంకో ముగ్గురు దొరికారు. ముగ్గురూ ఒకే మాట అన్నారు: "అప్పుడు చెప్పబోయానమ్మా." దీనికి డాక్టరమ్మ నన్ను మెచ్చుకుంటే సిగ్గుతో చచ్చిపోయాను.

ఇంట్లో పైకి అంతా మామూలైంది. కత్తెరమ్మ మళ్ళీ వచ్చిపోతోంది, నవ్వుతోంది, నా గుర్రం నడక మీద జోకులు వేస్తోంది. క్షమించిందనే అనుకున్నాను. క్షమించే ఉంటుంది కూడా.

మొన్న ఆదివారం చెప్పాపెట్టకుండా వాళ్ళింటికి వెళ్ళాను. తలుపు తీసే ఉంది. చిలక మంచం మీద ముడుచుకుని పడుకుని ఉంది. ఏడాదిలో పిల్ల బాగా సాగింది, నెలసరి మొదలై ఆరు నెలలైంది. పొట్ట మీద వేడినీళ్ళ సంచి. దిండు పక్కన మందుల చీటీ కనబడితే తీసి చూశాను. ఆ చీటీ మా ఆసుపత్రిది కాదు. ఊరికి ఆ చివరన ఉన్న క్లినిక్‌ది, రెండు బస్సులు మారాలి. పైన మూడు నెలల తారీఖులు వరసగా ఉన్నాయి.

మూడు నెలలుగా వెళ్తున్నారు. మా ఇల్లు నాలుగు వీధుల అవతల. నేను ఇరవై రెండేళ్ళుగా చేస్తున్న పనే ఇది.

కత్తెరమ్మ వంటింట్లోంచి వచ్చి నన్ను చూసింది, నా చేతిలో చీటీని చూసింది. తడబడలేదు. కొంగుతో చేతులు తుడుచుకుంది.

"చెడ్డదానివని కాదక్కా. నువ్వు ముందు జవాబు చెప్తావు, తర్వాత వింటావు. నేనంటే తట్టుకున్నాను. అది చిన్నపిల్ల" అంది.

చీటీని దిండు పక్కనే పెట్టి, మంచం అంచున కూర్చుని, పిల్ల తల మీద చెయ్యి వేశాను. ఇంటిల్లిపాది మాటలూ ఒక్కతే మాట్లాడే పిల్ల. ఎన్ని మాటలైనా చెప్పనీ, మధ్యలో నోరు తెరవకూడదు అనుకున్నాను.

"ఎలా ఉందే నొప్పి?" అని అడిగాను.

చిలక వాళ్ళమ్మ వైపు ఒకసారి చూసింది. తర్వాత నా వైపు తిరిగి నవ్వింది.

"తగ్గిపోయింది పెద్దమ్మా" అంది, వేడినీళ్ళ సంచిని పొట్టకు ఇంకాస్త గట్టిగా అదుముకుంటూ.